పిడి జారకుండా ఫజ్జీ స్కిన్: రెండు అంకెలు గరుకును ఎలా మారుస్తాయి

ఆకురాయిని పిడి లేకుండా పట్టుకుని పది నిమిషాలు ఇనుము రాస్తే, దాని తోక మొన అరచేతిని ఎలా గుచ్చుతుందో తెలుస్తుంది. అందుకే 3డీ ప్రింటర్ కొన్నవాళ్లు బొమ్మల దశ దాటగానే ప్రింట్ చేసుకునే వస్తువుల్లో ఆకురాయి పిడి, స్క్రూడ్రైవర్ పిడి ముందుంటాయి. డిజైన్ బాగానే వస్తుంది, కొలతలు సరిపోతాయి, తోక బిగుతుగా కూర్చుంటుంది. పని మొదలుపెట్టాక అసలు ఇబ్బంది బయటపడుతుంది. ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, చెయ్యికి చెమట పట్టగానే పిడి వేళ్ల మధ్య జారుతుంది.

దీనికి డిజైన్ మళ్లీ గీయాల్సిన పని లేదు. డిజైన్‌ను లేయర్లుగా, అంటే పొరలుగా కోసి ప్రింటర్‌కు దారి గీసిచ్చే సాఫ్ట్‌వేర్ స్లైసర్. అందులో ఫజ్జీ స్కిన్ అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే ప్రింటర్ బయటి గోడను తిన్నగా గీయకుండా చెయ్యి వణికినట్టు అటూ ఇటూ కదుపుతూ గీస్తుంది, ఉపరితలం గరుకుగా వస్తుంది. ఇది మొదట క్యూరా అనే స్లైసర్‌లో ఉండేది, 2.4 వెర్షన్‌తో ప్రూసాస్లైసర్‌లోకి వచ్చింది. బాంబూ స్టూడియో, ఆర్కాస్లైసర్‌లలో కూడా ఉంది. చాలామంది దీన్ని ఆన్ చేసి, అందులో ఉన్న అంకెలను అలాగే వదిలేస్తారు. వచ్చిన గరుకు ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి అరచేతిని గీకేస్తుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే థిక్‌నెస్, పాయింట్ డిస్టెన్స్ అనే రెండు అంకెల వెనక స్లైసర్ చేసే పనిని చూడాలి.

స్లైసర్ లోపల జరిగేది

32 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి పిడిని తీసుకుందాం. దాన్ని నిలబెట్టి ప్రింట్ చేస్తే ఒక్కో లేయర్‌లో బయటి గోడ ఒక వలయం, దాని చుట్టుకొలత సుమారు 100 మి.మీ. ఫజ్జీ స్కిన్ ఆన్ చేయగానే స్లైసర్ ఈ వలయం వెంట నడుస్తూ కొంత దూరానికి ఒక చుక్క పెడుతుంది. ఆ దూరమే పాయింట్ డిస్టెన్స్. 0.8 అని ఇస్తే ప్రతిసారీ కచ్చితంగా 0.8 కాదు. స్లైసర్ దాన్ని కావాలనే కొంచెం అటూ ఇటూ చేస్తుంది. ఇచ్చిన అంకెకు ముప్పావు వంతు నుంచి ఒకటింబావు వంతు దాకా, అంటే 0.6 నుంచి 1.0 మి.మీ. మధ్య ఎక్కడైనా చుక్క పడవచ్చు. ఈ తేడా లేకపోతే చుక్కలు వరుసగా పేరుకుని, గరుకు బదులు ఒక డిజైన్‌లాంటి గీతలు కనబడేవి.

తర్వాత ప్రతి చుక్కనూ గోడకు అడ్డంగా బయటికో లోపలికో జరుపుతుంది. ఎంత జరపాలన్నది లాటరీ లాంటిది, పైపరిమితి మాత్రం థిక్‌నెస్. ఇక్కడే చాలామంది పొరబడతారు. థిక్‌నెస్ 0.3 అంటే మొత్తం లోతు 0.3 అనుకుంటారు. నిజానికి చుక్క 0.3 బయటికీ పోవచ్చు, 0.3 లోపలికీ రావచ్చు. అంటే మిట్ట శిఖరానికీ పల్లం అడుగుకూ మధ్య గరిష్ఠంగా 0.6 మి.మీ. ఉంటుంది. 32 మి.మీ. పిడిని వెర్నియర్‌తో కొలిస్తే 32.5 దగ్గర చూపిస్తుంది, ఎందుకంటే వెర్నియర్ దవడలు మిట్టల మీదే ఆనుతాయి. వేలికి తెలిసే పిడి సైజు కూడా ఆ మిట్టలదే.

చివరికి ఆ చుక్కలన్నింటినీ తిన్నటి గీతలతో కలుపుతుంది. పాత వలయంలోని అసలు బిందువులను అది ఉంచుకోదు, పూర్తిగా వదిలేస్తుంది. గుండ్రటి పిడికి దీనివల్ల నష్టమేమీ లేదు. ఆరు పలకల స్క్రూడ్రైవర్ పిడి అయితే మూల మీద సరిగ్గా చుక్క పడే అవకాశం తక్కువ, అందుకే ప్రతి మూలా కొంచెం తెగి మొద్దుబారుతుంది. పాయింట్ డిస్టెన్స్ ఎంత పెద్దదైతే మూల అంత ఎక్కువ తెగుతుంది. పిడి మూలలు మొద్దుబారడం చేతికి హాయే. అదే పిడి మీద ఉబ్బెత్తుగా అక్షరాలు చెక్కి ఉంటే మాత్రం అవి చెదిరిపోతాయి.

లోతు కాదు, వాలు

ఇప్పుడు అసలు విషయం. థిక్‌నెస్ మిట్ట ఎత్తును చెబుతుంది, పాయింట్ డిస్టెన్స్ మిట్ట వెడల్పును చెబుతుంది. చేతికి ముందుగా తెలిసేది ఈ రెండింటిలో ఏ ఒక్కటీ కాదు, మిట్ట ఎంత నిటారుగా ఉందన్నది. ఎత్తును వెడల్పుతో భాగిస్తే వచ్చేది ఆ వాలు. కొండ ఎంత ఎత్తున్నా వాలు మెల్లగా ఉంటే నడక తేలిక. చిన్న గుట్టే అయినా నిటారుగా ఉంటే మోకాళ్లు పట్టేస్తాయి. పిడి మీద వేలి సంగతీ అంతే.

లెక్క వేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ప్లస్ థిక్‌నెస్‌కూ మైనస్ థిక్‌నెస్‌కూ మధ్య లాటరీలా పడే రెండు పక్కపక్క చుక్కల మధ్య ఎత్తు తేడా సగటున థిక్‌నెస్‌లో మూడింట రెండు వంతులు ఉంటుంది. థిక్‌నెస్ 0.3 అయితే సగటు తేడా 0.2. పాయింట్ డిస్టెన్స్ 0.8 ఉంటే ఆ 0.2 ఎత్తు 0.8 దూరంలో వస్తుంది, వాలు సుమారు 14 డిగ్రీలు. అదే థిక్‌నెస్ ఉంచి పాయింట్ డిస్టెన్స్‌ను 0.3కు తగ్గిస్తే వాలు ఒక్కసారిగా 34 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. లోతు ఏమాత్రం మారలేదు. కానీ మొదటిది ఎగుడుదిగుడుగా, కొంచెం తోలులాగా తగులుతుంది. రెండోది గరుకు కాగితంలా గీస్తుంది.

ఈ తేడాను చేత్తో చూడటానికి చిన్న ప్రయోగం చాలు. పిడి మొత్తం ప్రింట్ చేయనక్కర్లేదు. 32 మి.మీ. వ్యాసం, 15 మి.మీ. ఎత్తు ఉన్న నాలుగు వలయాలు ఒకే ప్లేట్ మీద పెట్టి, ఒక్కోదానికి వేరే అంకెలు ఇవ్వాలి. థిక్‌నెస్ 0.3, పాయింట్ డిస్టెన్స్ 0.8 ఒకటి. 0.3, 0.3 రెండోది. 0.15, 0.4 మూడోది. 0.4, 1.5 నాలుగోది. ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ రంధ్రం 0.4 మి.మీ., లేయర్ ఎత్తు 0.2 మి.మీ., ప్లాస్టిక్ మామూలు పీఎల్ఏ. కళ్లు మూసుకుని ఒక్కోదాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడాలి.

మొదటిది ప్రూసాస్లైసర్‌లో ముందే ఉండే అంకెలతో వచ్చేది. వేలికి పట్టు దొరుకుతుంది, నొప్పి ఉండదు. లేత్ పని చేసేవాళ్లకు ఇది నర్లింగ్ చేసిన, అంటే పట్టు కోసం పళ్ల చక్రంతో గరుకు నొక్కిన కడ్డీని గుర్తు చేస్తుంది, అందులో వింతేమీ లేదు. నర్లింగ్ చక్రాల పళ్ల మధ్య దూరాలు జర్మన్ ప్రమాణం డీఐఎన్ 82లో 0.5, 0.6, 0.8, 1.0, 1.2, 1.6 మిల్లీమీటర్లు. చేతికి పట్టు దొరకాలంటే మిట్టల మధ్య దూరం ఎంతుండాలో ఇనుము పనివాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు, ఫజ్జీ స్కిన్‌లోని 0.8 సరిగ్గా ఆ మధ్యలోనే పడుతుంది.

రెండో వలయాన్ని ముట్టుకోగానే తేడా తెలుస్తుంది. గోరు దాని మీద లాగితే బర్రున చప్పుడు వస్తుంది. దగ్గరగా చూస్తే సన్నటి ప్లాస్టిక్ పోగులు లేచి ఉంటాయి. పట్టు బలంగానే ఉంటుంది కానీ గంటసేపు పని చేస్తే బొటనవేలి మొదట్లో చర్మం ఎర్రబడుతుంది. మూడో వలయం విచిత్రమైనది. దాని ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి మొదటిదానితో సమానం, అదే ఆకారాన్ని సగానికి కుదించినట్టు. అయినా చేతికి పూర్తిగా వేరే వస్తువులా ఉంటుంది. కాల్చిన మట్టికుండ పైభాగంలా సన్నటి గరుకు. పొడి చేతికి చాలా హాయి. నూనె అంటిన చేతికి మాత్రం దాదాపు నున్నటి ప్లాస్టికే, ఎందుకంటే అంత చిన్న పల్లాలు నూనెతో వెంటనే నిండిపోతాయి. నాలుగోది గడ్డలు గడ్డలుగా, ముతక గచ్చులా ఉంటుంది. వాలు 10 డిగ్రీలే కాబట్టి ఎక్కడా గుచ్చుకోదు, గ్లవ్స్ వేసుకున్నా గడ్డలు తెలుస్తాయి. కానీ ఇందులో వేరే సమస్య ఉంది, అది చేతికంటే ముందు కంటికి కనబడుతుంది.

గోడ వెడల్పు గీసే గీత

నాలుగో వలయాన్ని లైటుకు ఎదురుగా పట్టి వాలుగా చూస్తే కొన్నిచోట్ల బయటి గోడ కింది లేయర్ మీద సరిగ్గా ఆనకుండా వేలాడుతూ కనబడుతుంది. అక్కడ గోరుతో పీకితే పోగు ఊడి వస్తుంది.

కారణం ఇది. మామూలు ఫజ్జీ స్కిన్‌లో ప్రతి లేయర్‌కూ లాటరీ కొత్తగా మొదలవుతుంది. కింది లేయర్‌లో ఒకచోట చుక్క లోపలికి పడి ఉంటే, పై లేయర్‌లో అదే చోట బయటికి పడవచ్చు. 0.4 నాజిల్‌తో గీసే గీత వెడల్పు సుమారు 0.42 మి.మీ. థిక్‌నెస్ 0.2 అయితే రెండు లేయర్ల మధ్య అత్యంత దారుణమైన తేడా 0.4, అంటే గీత కొసలైనా కింది గీత మీద ఆనుతుంది. థిక్‌నెస్ 0.3కు పెరిగితే గరిష్ఠ తేడా 0.6. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడినచోట్ల సుమారు నూటికి తొమ్మిదింటిలో తేడా గీత వెడల్పును దాటేస్తుంది, అంటే అక్కడ పై గీతకు ఆనడానికి కింది లేయర్ బయటి గోడ లేదు. చుక్కల మధ్య గీత తిన్నగా నడుస్తుంది కాబట్టి మొత్తం గోడ మీద ఈ శాతం ఇంకా తక్కువే ఉంటుంది. అందుకే 0.3 చాలాసార్లు పనిచేస్తుంది. 0.4 దగ్గర మాత్రం ఇలాంటి చోట్లు చెయ్యి వేసిన ప్రతిచోటా తగులుతాయి.

పక్క నుంచి ఇంకో దెబ్బ ఉంది. ఫజ్జీ స్కిన్ సాధారణంగా బయటి గోడనే కదుపుతుంది, లోపలి గోడ తన దారిలో తిన్నగా పోతుంది. బయటి గోడ 0.3 బయటికి జరిగినచోట రెండింటి మధ్య 0.3 ఖాళీ. లోపలికి జరిగినచోట రెండూ ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, ఎక్కువైన ప్లాస్టిక్ పల్లంలోకి పొంగి దాన్ని సగం పూడ్చేస్తుంది. అందుకే ప్రింట్ అయిన పిడి మీద పల్లాలు స్లైసర్ ప్రివ్యూలో చూపించినంత లోతుగా ఎప్పుడూ ఉండవు, మిట్టలు మాత్రం పూర్తి ఎత్తులో వస్తాయి. థిక్‌నెస్‌ను బయటి గోడ వెడల్పు కంటే తక్కువ ఉంచమని క్యూరా తన సెట్టింగ్ వివరణలోనే చెబుతుంది. పిడి విషయంలో ఇంకాస్త కఠినంగా ఉండటం మంచిది. రోజూ బలంగా పట్టుకునే వస్తువుకు గోడ వెడల్పులో సగం దాటకుండా చూసుకోవాలి. 0.4 నాజిల్‌కు అది 0.2 దగ్గర ఆగుతుంది. లోతైన గరుకు నిజంగా కావాలంటే 0.6 నాజిల్ పెట్టడమే సరైన దారి, గీత వెడల్పు 0.6కు పెరిగి థిక్‌నెస్ 0.3 కూడా భద్రంగా కూర్చుంటుంది.

ఈ లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి కొలత పరికరం అక్కర్లేదు. పిడిని చెవి దగ్గర పెట్టుకుని బయటి గోడను బొటనవేలితో నొక్కుతూ తిప్పాలి. చిటచిటమంటే గోడ లోపలిదానికి అతుక్కోలేదు. నిశ్శబ్దంగా ఉంటే బాగుంది.

పాయింట్ డిస్టెన్స్ కింది హద్దు

థిక్‌నెస్‌కు పైన హద్దు ఉన్నట్టే పాయింట్ డిస్టెన్స్‌కు కింద హద్దు ఉంది. 0.4 నాజిల్ గుండ్రటి రంధ్రం, దాని నుంచి వచ్చే ప్లాస్టిక్ కూడా గుండ్రటి కొసతోనే గీస్తుంది. అంతకంటే సన్నటి పల్లాన్ని అది చెక్కలేదు, మీదుగా పోతూ పూడ్చేస్తుంది. పాయింట్ డిస్టెన్స్ 0.2 ఇస్తే ప్రివ్యూలో రంపపు పళ్లలా కనబడుతుంది. చేతికొచ్చే పిడి మీద పళ్లు ఉండవు, కలిసిపోయిన మసక గరుకు ఉంటుంది. క్యూరా ఇంకో షరతు కూడా పెడుతుంది, పాయింట్ డిస్టెన్స్ థిక్‌నెస్‌లో సగం కంటే ఎక్కువ ఉండాలని. ఆ హద్దు దగ్గరికి పోకముందే పనికిరాని ప్రాంతం మొదలవుతుంది.

పైగా దానికి ఖర్చుంది. మన పిడి చుట్టుకొలత 100 మి.మీ., ఎత్తు 100 మి.మీ., లేయర్ 0.2 అనుకుంటే 500 లేయర్లు. పాయింట్ డిస్టెన్స్ 0.8 అయితే మొత్తం చుక్కలు సుమారు 62 వేలు. 0.3కు తగ్గిస్తే 1 లక్షా 67 వేలు. ఒక్కో చుక్క దగ్గరా ప్రింట్ హెడ్ దిశ మార్చాలి, ప్రతి మలుపులో వేగం తగ్గించుకుని మళ్లీ పెంచుకోవాలి. సెకనుకు 50 మి.మీ. వేగం పెట్టినా 0.3 దూరాల మీద ఆ వేగం అందదు. సెకనుకు 160 పైచిలుకు మలుపులు, ప్రింటర్ మొత్తం జుమ్మని వణుకుతుంది. పాత 8-బిట్ బోర్డున్న ప్రింటర్లలో బోర్డుకు లెక్క అందక హెడ్ క్షణం ఆగి మళ్లీ కదులుతుంది, ఆగినచోటల్లా ప్లాస్టిక్ బొట్టు పడుతుంది. ఆ బొట్లను ఫజ్జీ స్కిన్ గరుకే అనుకునే ప్రమాదం ఉంది. తేడా కనిపెట్టడం తేలిక. బొట్లు మెరుస్తూ గట్టిగా, గుండ్రంగా ఉంటాయి, ఫజ్జీ స్కిన్ మిట్టలు మెరుపు లేకుండా అడ్డంగా సాగి ఉంటాయి.

అందుకే 0.4 నాజిల్‌కు పాయింట్ డిస్టెన్స్ 0.4 కంటే దిగడం వల్ల దక్కేది ఏమీ లేదు. బయటి గోడ వేగం సెకనుకు 30 నుంచి 40 మి.మీ. మధ్య పెడితే మిట్టలు శుభ్రంగా వస్తాయి.

కనబడని మూడో అంకె

ఈ రెండు అంకెలూ చుట్టూ తిరిగే దిశలో గరుకును నిర్ణయిస్తాయి. మరి పిడి పొడవు వెంట? అక్కడ పాయింట్ డిస్టెన్స్‌కు అధికారం లేదు. ప్రతి లేయర్‌కూ లాటరీ కొత్తది కాబట్టి పొడవు దిశలో గరుకు దూరం అంటే లేయర్ ఎత్తే. 0.2 లేయర్ అయితే ప్రతి 0.2 మిల్లీమీటర్లకూ గోడ కొత్తచోట ఉంటుంది. చుట్టూ 0.8 చొప్పున పెద్ద మిట్టలు, నిలువుగా 0.2 చొప్పున సన్నటి పళ్లు. దగ్గరగా చూస్తే ప్రతి మిట్ట అడ్డంగా సాగిన బియ్యపు గింజలా ఉండటానికి కారణం ఇదే.

పిడి వాడే తీరును బట్టి ఇది మంచీ అవుతుంది, చెడూ అవుతుంది. ఆకురాయిని ముందుకు తోస్తాం, వెనక్కి లాగుతాం. చెయ్యి జారేది పిడి పొడవు వెంట, ఆ దిశలో సన్నటి పళ్లు అడ్డు నిలుస్తాయి. నిలబెట్టి ప్రింట్ చేసిన ఆకురాయి పిడికి తక్కువ థిక్‌నెస్ కూడా బాగా పట్టు ఇవ్వడానికి కారణం అది. స్క్రూడ్రైవర్‌ను తిప్పుతాం. చెయ్యి జారేది చుట్టూ, అక్కడ పనిచేసేవి పాయింట్ డిస్టెన్స్ మిట్టలు. వాటి వాలు 12, 14 డిగ్రీలే. బిగుసుకున్న స్క్రూను తిప్పేటప్పుడు ఆ వాలు చాలదు. దాన్ని ఫజ్జీ స్కిన్‌తో గట్టెక్కించాలని థిక్‌నెస్ పెంచుకుంటూ పోవడం తప్పు. తిప్పే పిడికి ఆకారంలోనే పలకలు గానీ లోతైన గాడులు గానీ ఉండాలి, ఫజ్జీ స్కిన్ వాటి మీద చెమటకు మందుగా మాత్రమే పనిచేస్తుంది.

ఆర్కాస్లైసర్‌లో లాటరీ తీరును మార్చే పెర్లిన్ వంటి నాయిస్ రకాలు వచ్చాక ఈ సంగతి కొంత మారింది. పెర్లిన్ ఎంచుకుంటే లాటరీ ప్రతి లేయర్‌కూ కొత్తగా మొదలవ్వదు. పక్కపక్క లేయర్లు ఒకదాన్నొకటి అనుసరిస్తాయి, మిట్ట నిలువుగా కూడా విస్తరిస్తుంది. లేయర్ల మధ్య ఒక్కసారిగా పెద్ద తేడా రాదు కాబట్టి వేలాడే పోగులు బాగా తగ్గుతాయి. కానీ ఇందులో మిట్ట వెడల్పును నిర్ణయించేది పాయింట్ డిస్టెన్స్ కాదు, `Skin feature size` అనే వేరే అంకె. పాయింట్ డిస్టెన్స్ ఆ ఆకారాన్ని ఎంత దగ్గరగా అనుసరించాలో మాత్రమే చెబుతుంది, కాబట్టి అది ఫీచర్ సైజు కంటే బాగా చిన్నదిగా ఉండాలి. ఫీచర్ సైజు 2 పెట్టి పాయింట్ డిస్టెన్స్ కూడా 2 ఉంచితే ఆకారం పట్టు తప్పి మళ్లీ పాత గజిబిజే వస్తుంది.

ఒక ఆకురాయి పిడి, మొదటి నుంచి

ఎనిమిది అంగుళాల ఆకురాయికి 110 మి.మీ. పొడవు, మధ్యలో 32 మి.మీ. వ్యాసం ఉన్న పిడి అనుకుందాం. ముందు కొసన తోక దిగే రంధ్రం, వెనక కొసన అరచెయ్యి ఆనే గుండ్రటి బుడిపె.

నిలబెట్టే ప్రింట్ చేయాలి, రంధ్రం కిందికి, బుడిపె పైకి. ఫజ్జీ స్కిన్ పనిచేసేది గోడల మీదే, పై ఉపరితలాల మీద కాదు. పిడిని పడుకోబెడితే ప్లేట్‌కు ఆనిన పక్క నున్నగా, పైపక్క మెట్లు మెట్లుగా వస్తాయి, గరుకు పక్క గోడలకే మిగులుతుంది. నిలబెట్టిన పిడిని అడ్డంగా వంచితే లేయర్ల మధ్య విరిగే భయం ఉన్నమాట నిజం. కానీ ఆకురాయి పిడి మీద పడే బలం ఎక్కువగా పొడవు వెంట తోపే. తోకను సుత్తితో దిగేసినప్పుడు రంధ్రం విచ్చుకోవాలని చూస్తుంది, గోడల గీతలు దాని చుట్టూ కట్టులా తిరుగుతూ ఆపుతాయి. ఇనుప తోక లోపల లోతుగా ఉంటుంది కాబట్టి వంపు బలం కూడా దాని మీదే పడుతుంది. గోడలు మాత్రం నాలుగు పెట్టాలి. ఫజ్జీ గోడకు లోపలి గోడతో అతుకు బలహీనం అని చూశాం, దాన్ని బలం లెక్కలోంచి తీసేసి మిగిలిన మూడింటినే నమ్మాలి.

ఫజ్జీ స్కిన్ బయటి వైపే ఉండాలి. ప్రూసాస్లైసర్‌లో `Outside walls`, బాంబూ, ఆర్కాలలో `Contour`, క్యూరాలో `Fuzzy Skin Outside Only`. ఇది మరిచిపోయి రంధ్రానికి కూడా గరుకు తగిలిస్తే మిట్టలు లోపలికి పొడుచుకొచ్చి రంధ్రం ఇరుకవుతుంది. తోక సగం దిగి ఆగుతుంది, ఇంకో దెబ్బకు పిడి పగులుతుంది. కొలతలన్నీ సరిగ్గా ఉన్న పిడి తోక దగ్గర పగిలిందంటే మొదట చూడాల్సింది ఈ సెట్టింగే.

తర్వాత, పిడి మొత్తానికీ గరుకు వద్దు. ముందు కొసన 12 మి.మీ. మేర ఇత్తడి పట్టీ తొడగాలనుకుంటే అక్కడ నునుపు కావాలి, మిట్టలు ఉంటే పట్టీ ఎక్కదు. వెనక బుడిపె కూడా నునుపుగానే ఉండాలి. ఒకటి, తోసేటప్పుడు అరచెయ్యి మొత్తం బరువు దాని మీద పడుతుంది, గరుకు ఉంటే బొబ్బలెక్కుతాయి. రెండు, బుడిపె శిఖరం దగ్గర ప్రతి లేయర్ కింది దానికంటే బాగా లోపలికి జరుగుతుంది, అక్కడ గరుకు గోడలూ నున్నటి పై ఉపరితలం తునకలూ కలగాపులగంగా వచ్చి చూడటానికీ పట్టుకోవడానికీ బాగోదు. కాబట్టి ఫజ్జీ స్కిన్‌ను పిడికి మొత్తంగా ఇవ్వకుండా, మధ్యలో 75 మి.మీ. ఎత్తున్న మాడిఫయర్ పెట్టెను, అంటే తన లోపలి భాగానికే వేరే సెట్టింగ్ ఇచ్చే పెట్టెను చేర్చి దానికే ఇవ్వాలి. 2.9 వెర్షన్ నుంచి ప్రూసాస్లైసర్‌లో గరుకు కావాల్సినచోట బ్రష్‌తో రంగు వేసినట్టు వేసుకునే వీలు కూడా ఉంది. గుండ్రటి పిడికి పెట్టే తేలిక, అంచు తిన్నగా వస్తుంది.

ప్రూసాస్లైసర్ వాడే పేర్లతో అంకెలు ఇవి:

```
fuzzy_skin = external
fuzzy_skin_thickness = 0.2
fuzzy_skin_point_dist = 0.6
```

థిక్‌నెస్ 0.2 కాబట్టి లేయర్లు ఒకదాన్నొకటి పూర్తిగా విడిచిపోవు. సగటు వాలు 12, 13 డిగ్రీలు, గీకదు. 0.6 దూరం నాజిల్ గీతకంటే పెద్దది, కాబట్టి మిట్టలు పూడిపోకుండా విడివిడిగా వస్తాయి. ప్రింట్ అయ్యాక 220 నంబరు గరుకు కాగితంతో రెండుసార్లు, గట్టిగా నొక్కకుండా, పిడి చుట్టూ తుడిచినట్టు రుద్దితే లేచిన పోగులు పోతాయి. అంతకంటే రుద్దితే మిట్టల తలలు అరిగి మెరుస్తాయి, పట్టు తగ్గుతుంది.

పీఈటీజీతో చేస్తే థిక్‌నెస్ కొంచెం దించాలి. అది పీఎల్ఏ కంటే ఎక్కువ తీగలు సాగే ప్లాస్టిక్, ప్రతి మలుపులో సన్నటి వెంట్రుక వదులుతుంది. థిక్‌నెస్ 0.15 చాలు, పాయింట్ డిస్టెన్స్ 0.6 అలాగే ఉండవచ్చు. ఏబీఎస్ పిడికి ఎసిటోన్ ఆవిరి పట్టే అలవాటున్నవాళ్లు ఇక్కడ దాన్ని మానుకోవాలి, ఆ ఆవిరి ముందు కరిగించేది మిట్టల తలలనే. పీఎల్ఏ పిడిని ఎండాకాలంలో మూసిన కారులో వదలకూడదు, 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది. మెత్తబడినప్పుడు పనిముట్ల పెట్టెలో దాని మీద ఇంకో బరువు ఉంటే ఆ పక్క మిట్టలు నలిగి చదునవుతాయి.

గ్రీజు పని చేసే చేతులకు ఈ 0.2, 0.6 ఒకటి రెండు నెలల్లో నల్లబడుతుంది. పల్లాల్లో మురికి కూరుకుంటే గరుకు ఉండీ లేనట్టే. పాత టూత్‌బ్రష్, గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్లతో తోమితే పట్టు తిరిగి వస్తుంది. ఈ కారణం చేతనే వంటింటి కత్తి పిడికి ఫజ్జీ స్కిన్ పెట్టకపోవడం మంచిది, ఆ పల్లాల్లో చేరేది గ్రీజు కాదు, పచ్చి మాంసం రసం.

గ్లవ్స్ వేసుకుని వాడే పిడికి లెక్క మళ్లీ మారుతుంది. గుడ్డ గ్లవ్స్ సన్నటి గరుకును దాచేస్తాయి, పోగులకు మాత్రం చిక్కుకుంటాయి. అక్కడ కావాల్సింది వెడల్పాటి మిట్ట, మెల్లటి వాలు. 0.6 నాజిల్‌తో థిక్‌నెస్ 0.3, పాయింట్ డిస్టెన్స్ 1.2 పెడితే వాలు 9.5 డిగ్రీలకు దిగుతుంది, లోతు మాత్రం గుడ్డ లోంచి వేలికి తెలిసేంత ఉంటుంది. పిడి ప్రింట్ చేసే ముందు ఈ అంకెలతో 15 మి.మీ. వలయం ఒకటి తీసి, అదే గ్లవ్ తొడుక్కుని, కొంచెం నూనె రాసి తిప్పి చూడాలి.